ఆక్స్‌ఫర్డా, డర్బీయా, బ్రోగా, లోఫరా: బూటును చేతిలో పట్టుకుని పేరు చెప్పడం ఎలా

హనుమకొండలోని మా బూట్ల దుకాణానికి పెళ్లిళ్ల కాలంలోనూ, కాలేజీల్లో ఉద్యోగాల ఇంటర్వ్యూలు మొదలయ్యే రోజుల్లోనూ ఒకే ప్రశ్న పదేపదే వస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న జత ఫోటోను వాట్సాప్‌లో పంపి, "అన్నా, డబ్బా మీద ఆక్స్‌ఫర్డ్ అని ఉంది, బొక్కలు చూస్తే బ్రోగ్ లెక్క కొడుతుంది, ఇంతకీ ఇది ఏది?" అని అడుగుతారు. అడిగేవారి తప్పేమీ లేదు. రెండు పేర్లలో ఒక్కటే నిజమై ఉండాలని అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు అది. ఒకే బూటు ఆక్స్‌ఫర్డ్ కావచ్చు, బ్రోగ్ కూడా కావచ్చు.

ఆక్స్‌ఫర్డ్, డర్బీ, లోఫర్ అనే మూడు పేర్లు బూటు పాదం మీద ఎలా మూసుకుంటుందో చెబుతాయి. బ్రోగ్ అనే పేరు తోలు మీద వేసిన రంధ్రాల అలంకారాన్ని మాత్రమే చెబుతుంది. ఇక సోల్ ఈ నాలుగు పేర్లలో దేన్నీ నిర్ణయించదు. అది బూటు ఎలా తయారైందో, ఎంతకాలం నిలుస్తుందో తెలుపుతుంది. కాబట్టి బూటును మూడు ప్రశ్నలు, ఇదే వరుసలో అడగాలి: ఎలా మూసుకుంటుంది, ముందు భాగం మీద ఏముంది, అడుగున ఏముంది. వరుస మారితే కళ్లు ముందుగా రంధ్రాల మీదికి పోతాయి, పేరు తప్పుతుంది.

కావలసినవి

బూట్ల జత, పగటి వెలుతురు లేదా సెల్‌ఫోన్ టార్చి, మొద్దుగా ఉన్న విజిటింగ్ కార్డు ఒకటి, పళ్లు కుట్టుకునే పుల్ల ఒకటి, మీ బొటనవేలి గోరు. నేల మీద పరచడానికి ఒక పాత దుప్పటి కూడా ఉంచుకోండి. తిరిగి పంపే అవకాశం ఉన్న జత అయితే ఈ పరీక్షలన్నీ దుప్పటి మీదే చేయాలి.

మూడు భాగాల పేర్లు గుర్తుంటే చాలు. వేళ్లనూ పాదం పైభాగాన్నీ కప్పే తోలును ఇక్కడ ముందు ముక్క అంటాను. మడమ నుంచి రెండు పక్కలుగా ముందుకు వచ్చి, లేసు రంధ్రాలను మోసే తోలును పక్క ముక్కలు అంటాను. ఆ పక్క ముక్కల్లో లేసు ఎక్కే అంచులు రెక్కలు. నాలుక అంటే అందరికీ తెలిసినదే.

1. ముందుగా లేసు పని చేస్తుందో లేదో చూడండి

లేసు లేకుండా, బకిల్ లేకుండా కాలు నేరుగా లోపలికి జారితే అది లోఫర్ వర్గం. సాధారణంగా పాదం పైభాగాన U ఆకారంలో ఎత్తైన కుట్టు తిరిగి ఉంటుంది. దాని లోపలి తోలు విడి ముక్కగా కనిపిస్తుంది. ఆ కుట్టు మీదుగా అడ్డంగా ఒక పట్టీ, పట్టీ మధ్యలో చిన్న చీలిక ఉంటే పెన్నీ లోఫర్. కుచ్చులు వేలాడితే టాసెల్ లోఫర్. లోహపు కళ్లెం ముక్క ఉంటే హార్స్‌బిట్. ఏమీ లేకుండా నున్నగా ఉంటే వెనీషియన్. నార్వేలోని అవుర్లాండ్ ప్రాంతపు బూట్ల నమూనాను అనుసరించి అమెరికాకు చెందిన బాస్ సంస్థ 1936లో తెచ్చిన వీజన్స్ అనే జతతో పెన్నీ లోఫర్ ప్రపంచమంతటా తెలిసింది.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, లేసు కనిపించింది కాబట్టి లోఫర్ కాదని తేల్చేయడం. కొన్ని చౌక జతలలో లేసు కేవలం అలంకారం. నాలుక రెండు పక్కలా ఎలాస్టిక్ కుట్టి, లేసును ఎప్పటికీ విప్పనవసరం లేకుండా బిగించి అమ్ముతారు. లేసు కొస పట్టుకుని లాగండి. రెక్కలు దగ్గరికి రాకపోతే, లేసు వదిలించినా దూరం జరగకపోతే అది లేసు బూటు వేషం కట్టిన స్లిప్ ఆన్. అంచు చుట్టూ తోలు తాడు తిరిగిన బోట్ షూ కూడా ఇలాగే కంగారు పెడుతుంది. దాన్ని ఈ నాలుగింటిలో ఎక్కడా ఇరికించవద్దు. రెండవది, లేసు లేని ప్రతిదాన్నీ లోఫర్ అనడం. పక్కన బకిల్ ఉంటే మాంక్. గుడ్డతో చేసిన మెత్తని స్లిప్ ఆన్‌లను కూడా ఆన్‌లైన్‌లో లోఫర్ల వరుసలోనే పెడతారు గానీ, సూటు కిందికి కావాలని వెతుకుతున్నవారు వాటిని పక్కన పెట్టవచ్చు.

లోఫర్ అని తేలితే నేరుగా నాలుగవ మెట్టుకు వెళ్లండి.

2. లేసు వదిలించి, గోరుతో కీలకమైన అతుకును తడమండి

ఆక్స్‌ఫర్డ్‌కూ డర్బీకీ ఉన్న తేడా అంతా అతి తక్కువ స్థలంలో ఉంటుంది. అన్నిటికంటే కింద ఉన్న లేసు రంధ్రాల జతను చూడండి. దానికి ఒక వేలి వెడల్పు దిగువన, ముందు ముక్కా పక్క ముక్కలూ కలిసే అతుకు ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్‌లో పక్క ముక్కల కొసలు ముందు ముక్క కిందికి దూరి, ముందు ముక్క వాటి మీద కూర్చుని ఉంటుంది. డర్బీలో దానికి తలకిందులు: పక్క ముక్కలు ముందు ముక్క పైన పరచుకుని ఉంటాయి.

కళ్లతో చూస్తే నల్ల తోలు మీద ఇది సరిగా తెలియదు. గోరు మోసపోదు. బూటును ఒడిలో పెట్టుకుని, ముందు కొస మీకు దూరంగా ఉండేలా పట్టుకోండి. బొటనవేలి గోటిని ముందు ముక్క మీద, ఆ అతుకుకు కొంచెం ముందు ఆనించి, నెమ్మదిగా చీలమండ వైపుకు, అంటే మీ వైపుకు లాగండి. గోరు అతుకు దగ్గర కిందికి ఒక మెట్టు దిగినట్టు జారితే, పైన ఉన్నది ముందు ముక్క, అది ఆక్స్‌ఫర్డ్. గోరు ఒక అంచుకు తగిలి ఆగి, పైకి ఎక్కవలసి వస్తే, పైన ఉన్నది పక్క ముక్క, అది డర్బీ. చేతికి అలవాటు కావడానికి ఇంట్లో ఉన్న పిల్లల లేసు స్కూలు బూటు మీద ఒకసారి చేయండి. బడి యూనిఫాం నల్ల బూట్లను ఏ పేరుతో అమ్మినా, నా చేతికి వచ్చినవాటిలో చాలా వరకు డర్బీలే.

ఒక హెచ్చరిక ఉంది. ముందు ముక్క మీద రెక్కల ఆకారపు అలంకారం ఉన్న బూటులో గోరుకు రెండు మెట్లు తగులుతాయి. వేళ్ల వైపున్న మొదటిది అలంకారపు తోలు అంచు. అది ఆక్స్‌ఫర్డ్‌లోనూ డర్బీలోనూ కిందికే దిగుతుంది. దాన్ని చూసి తీర్పు చెప్పవద్దు. లేసు కింద ఉన్న రెండవ అతుకే లెక్క.

3. రెక్కలు ఎంత దూరం విడిపోతాయో చూసి, తీర్పును సరిచూసుకోండి

గోరు చెప్పినదాన్ని మరో దారిలో పరీక్షించాలి. లేసును అన్ని రంధ్రాల నుంచి పూర్తిగా తీసేయండి. తరువాత రెండు రెక్కలనూ చేతులతో రెండు పక్కలకు వంచండి. డర్బీ రెక్కలు తలుపుల్లాగా అడుగు దాకా తెరుచుకుంటాయి. విజిటింగ్ కార్డును రెక్క కిందికి తోస్తే దిగువ అతుకు కుట్టు దాకా అడ్డం లేకుండా పోతుంది, దాని కింద నాలుక ముందు ముక్కకు కొనసాగింపుగా కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ రెక్కలు పైన మాత్రమే విడిపోతాయి, కింద ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. అందుకే తెరుచుకున్న చోటు V అక్షరంలా కనిపిస్తుంది. ఆ V అడుగున రెండు రెక్కలను కలిపి పట్టే చిన్న అడ్డకుట్టు కూడా చాలా ఆక్స్‌ఫర్డ్‌లలో ఉంటుంది.

నాలుకను ఒంటరి సాక్ష్యంగా తీసుకోవద్దు. పుస్తకాల లెక్క ప్రకారం డర్బీ నాలుక ముందు ముక్కతో ఒకే తోలుగా రావాలి, ఆక్స్‌ఫర్డ్ నాలుకను విడిగా కోసి లోపల కుట్టాలి. కానీ తోలు మిగలాలని డర్బీ నాలుకను కూడా విడిగా కుట్టే తయారీదారులు ఉన్నారు. రంధ్రాల సంఖ్య కూడా అంతే. ఆక్స్‌ఫర్డ్‌కు ఐదు జతల రంధ్రాలు మామూలు, అయినా ఐదు జతలున్న డర్బీలు దుకాణాల్లో ఎన్నైనా దొరుకుతాయి.

గోరు పరీక్ష పని చేయని బూటు ఒకటుంది. మొత్తం పైభాగాన్ని ఒకే తోలుతో చేసి, మడమ దగ్గర మాత్రమే కుట్టిన హోల్‌కట్‌లో లేసు దిగువన అతుకే ఉండదు. అప్పుడు రెక్కల పరీక్ష మీదే ఆధారపడాలి. అది సాధారణంగా V గానే తెరుచుకుంటుంది కాబట్టి ఆక్స్‌ఫర్డ్‌ల లెక్కలో వేస్తారు. బ్లూషర్ అనే పేరు కూడా మీకు ఎదురు కావచ్చు. అందులో లేసు రంధ్రాలున్న చిన్న తోలు ముక్కలు మాత్రమే పైన కుట్టి ఉంటాయి, పక్క ముక్క మడమ దాకా పోదు. 1815లో వాటర్లూ యుద్ధంలో ప్రష్యా సేనను నడిపిన సేనాని బ్లూషర్ పేరు మీదుగా వచ్చిన పేరు అది. మన బజారులో రెండింటినీ డర్బీ అనే అమ్ముతారు. కొనేవారికి దాని వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు.

బూటు చేతిలో లేక, ఫోటో మాత్రమే ఉన్నప్పుడు ఎలా అని అడిగేవారు ఎక్కువ. లేసు దిగువన ఉన్న అతుకును ఫోటోలో పెద్దది చేసి, కుట్టు వరుసలు అతుకుకు ఏ పక్కన ఉన్నాయో చూడండి. రెండు తోళ్లను కలిపినప్పుడు పైన ఉన్న తోలు అంచు వెంబడే కుట్టు పడుతుంది. కాబట్టి కుట్టు వరుసలు అతుకుకు వేళ్ల వైపున ఉంటే పైనున్నది ముందు ముక్క, అంటే ఆక్స్‌ఫర్డ్. మడమ వైపున ఉంటే డర్బీ. సూటిగా పైనుంచి తీసిన ఫోటో దీనికి పనికిరాదు. లేసు బిగించి తీసిన ఫోటో అసలే పనికిరాదు, ఎందుకంటే బాగా బిగిసిన డర్బీ రెక్కలు కూడా ఆక్స్‌ఫర్డ్‌లాగా కలిసిపోయి కనిపిస్తాయి. అమ్మేవారిని లేసు వదిలించి, పక్క నుంచి కొంచెం వాలుగా, కుట్టు కనిపించేలా ఒక ఫోటో తీసి పంపమని అడగండి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, అది పాదానికి నేరుగా తగులుతుంది. ఆక్స్‌ఫర్డ్ కింద కుట్టి ఉండడం వల్ల పాదం ఎత్తుగా ఉన్నవారికి రెక్కల మధ్య పెద్ద సందు మిగిలిపోతుంది, పాదం పైన నొప్పి మొదలవుతుంది. కొత్త ఆక్స్‌ఫర్డ్‌ను కట్టుకుని నిలబడినప్పుడు రెక్కల మధ్య వేలి వెడల్పుకు మించని సందు ఉండడం మంచిది. తోలు వాడుకలో సాగి ఆ సందు తగ్గుతుంది. కొత్తలోనే రెక్కలు పూర్తిగా కలిసిపోతే బూటు మీకు వదులు, ఇక బిగించడానికి చోటు లేదు. మా దగ్గరికి వచ్చేవారిలో చిన్నప్పటి నుంచి చెప్పులతోనే తిరిగి, పాదం ముందు భాగం వెడల్పుగా పరుచుకున్నవారు చాలామంది. వారికి నేను మొదట డర్బీనే తొడిగి చూపిస్తాను.

4. ఇప్పుడు ముందు భాగం చూడండి

ముందు భాగం మీద ఏమీ లేకపోతే ప్లెయిన్ టో. అడ్డంగా ఒక కుట్టు గీత ఉండి, ఆ గీతకు ముందు తోలు టోపీలా కప్పి ఉంటే క్యాప్ టో. U ఆకారపు కుట్టు ఉంటే ఏప్రన్ టో. ఇది లోఫర్లలోనే కాక డర్బీలలో కూడా వస్తుంది. రంధ్రాలు ఉంటే మాత్రమే బ్రోగ్ అనే మాట వాడాలి.

బ్రోగ్‌కు మోతాదు ఉంది. క్యాప్ టో గీత వెంబడి రంధ్రాల వరుస మాత్రమే ఉండి, ముందు కొస ఖాళీగా ఉంటే క్వార్టర్ బ్రోగ్. ఆ వరుసతో పాటు ముందు కొస మీద పువ్వులాంటి రంధ్రాల బొమ్మ, అంటే మెడాలియన్, ఉంటే సెమీ బ్రోగ్. క్యాప్ అడ్డగీతగా ఆగకుండా, మధ్యలో కొసగా పొడుచుకొచ్చి రెండు పక్కలకు రెక్కల్లా వెనక్కి సాగితే ఫుల్ బ్రోగ్. దీన్నే వింగ్‌టిప్ అంటారు. ఆ రెక్కలు బూటు మధ్యలో ఆగకుండా మడమ దాకా పోయి కలిస్తే లాంగ్‌వింగ్. చూపు మెడాలియన్ మీద ఆగిపోకుండా, పక్కకు తిప్పి గీత ఎటు పోతోందో చూస్తే సెమీ, ఫుల్ బ్రోగ్‌ల మధ్య తడబాటు ఉండదు.

ఈ రంధ్రాలు స్కాట్లండ్, ఐర్లండ్‌ల బురద నేలల్లో తిరిగేవారి బూట్ల నుంచి నీళ్లు బయటికి పోవడానికి పెట్టినవని చెబుతారు. నేటి బ్రోగ్‌లలో రంధ్రం పై తోలుకే పరిమితం, కింద మరో పొర ఉంటుంది. కనుక వానాకాలంలో రంధ్రాల గుండా నీళ్లు కారి బయటికి పోతాయని ఆశించవద్దు.

నిజమైన రంధ్రాలా, అచ్చు వేసిన గుంటలా అన్నది తరువాతి ప్రశ్న. చౌక రెక్సిన్ జతలలో మొత్తం పైభాగాన్ని ఒకే ముక్కగా తీసుకుని, వేడి అచ్చుతో గుంటలూ కుట్టు గీతలూ కలిపి నొక్కేస్తారు. పళ్లపుల్ల మొనను ఒక పెద్ద రంధ్రంలో నిటారుగా ఆనించండి, గుచ్చవద్దు. కోసిన రంధ్రమైతే పుల్ల తోలు మందమంత దిగి కింది పొర మీద ఆగుతుంది, రంధ్రం అంచు చురుగ్గా తగులుతుంది. అచ్చు గుంట అయితే అడుగు గుండ్రంగా, పైభాగపు మెరుపే అందులోనూ కొనసాగుతుంది. టార్చిని బూటుకు సమాంతరంగా పక్క నుంచి వేస్తే రెండింటి నీడలు వేరువేరుగా కనిపిస్తాయి. మంచి బ్రోగ్‌లో రంధ్రాలు ఒక పెద్దది, పక్కన రెండు చిన్నవి చొప్పున వరుసగా వస్తాయి, తోలు అంచును రంపపు పళ్లలా కత్తిరించి ఉంటారు. ఆ పళ్ల కింద గోరు దూరితే నిజంగా రెండు తోళ్లు ఉన్నట్టు.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మెరిసే నల్ల క్యాప్ టో చూడగానే ఆక్స్‌ఫర్డ్ అనేస్తారు, గోధుమరంగు రంధ్రాలు చూడగానే బ్రోగ్ అని చెప్పి ఆగిపోతారు. క్యాప్ టో డర్బీ ఉంది, రంధ్రాల్లేని ఆక్స్‌ఫర్డ్ ఉంది, రంధ్రాలున్న లోఫర్ కూడా ఉంది. బ్రోగ్ అన్న తరువాత, "బ్రోగ్ ఏమిటి?" అని మరో ప్రశ్న మిగిలే ఉంటుంది: బ్రోగ్ ఆక్స్‌ఫర్డా, బ్రోగ్ డర్బీయా, బ్రోగ్ లోఫరా. డబ్బాల మీది పేర్లు మరింత గందరగోళం చేస్తాయి, ఎందుకంటే అమెరికాలో లేసు కట్టే ఏ పొట్టి బూటునైనా ఆక్స్‌ఫర్డ్ అనే అలవాటు ఉంది, ఆ వాడుకే అమ్మకపు పేజీల్లోకి కూడా వచ్చేసింది.

5. చివరగా తిరగేసి సోల్ చూడండి

సోల్ చూసి "తోలు అడుగుంది కాబట్టి ఆక్స్‌ఫర్డ్", "రబ్బరు అడుగుంది కాబట్టి డర్బీ" అనకూడదు. లోఫర్లలో మాత్రం ఒక గుర్తు పని చేస్తుంది: విడి మడమ లేకుండా అడుగంతా, మడమ వెనుక దాకా, చిన్న రబ్బరు బొడిపెలు ఉంటే అది కారు నడపడానికి చేసిన డ్రైవింగ్ మొకాసిన్, రోజూ రోడ్డు మీద నడవడానికి పనికిరాదు. మిగతావాటిలో మీరు చూడవలసింది సోల్ ఎలా అతుక్కుందన్నది.

పైభాగం సోల్‌ను కలిసేచోట బూటు చుట్టూ సన్నని పట్టీ బయటికి పొడుచుకు వచ్చి, దాని మీద కుట్టు కనిపిస్తే దాన్ని వెల్ట్ అంటారు. నిజమైన వెల్ట్ ఉన్న బూటుకు సోల్ అరిగినప్పుడు కొత్త సోల్ వేయించుకోవచ్చు. అందుకే అది ఖరీదు, అందుకే దానికి నకిలీలు కూడా ఉన్నాయి. నకిలీ పట్టీలో కుట్టు కూడా ప్లాస్టిక్‌తోపాటే అచ్చులో పోసి వస్తుంది. లేదా ఉత్త పట్టీ మీద దారం కుట్టి, ఆ పట్టీని సోల్‌కు బంకతో అతికిస్తారు. మొదటిదాన్ని పట్టుకోవడం సులభం: ప్రతి కుట్టు అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటుంది, పుల్ల మొనతో తడిమితే దారం కింద సూది రంధ్రం ఉండదు. రెండవదానికి బూటును తిరగేయాలి. పట్టీ మీది కుట్టు నిజంగా సోల్‌ను పట్టి ఉంటే, సోల్ అడుగున అంచు వెంబడి దాని జాడ కనిపించాలి. కుట్టు వరుస గానీ, కుట్టును దాచిన సన్నని గాడి గానీ ఉండాలి. పైన కుట్టు ఉండి, అడుగు మాత్రం నున్నగా, గాడి కూడా లేకుండా ఉంటే అనుమానించాలి. అయితే ఖరీదైన తోలు సోల్‌లో కుట్టు మీద తోలు పొరను మళ్లీ మూసేస్తారు కాబట్టి, అక్కడ ఈ ఒక్క పరీక్షతో నకిలీ అని తేల్చకూడదు.

బయట పట్టీ కుట్టు లేకుండా, బూటు లోపల పాదం ఆనే చోట కుట్టు వరుస కనిపిస్తే అది బ్లేక్ పద్ధతి. సన్నగా, తేలికగా ఉండే లోఫర్లలో తరచుగా ఉంటుంది. లోపలి మెత్తని పరుపును ఒక కొస పట్టుకుని లేపి చూడాలి, తిరిగి పంపే జత అయితే లేపకండి. ఎక్కడా కుట్టు లేకపోతే సోల్‌ను బంకతో అతికించినట్టు. మన బజారులో ఎక్కువ జతలు ఇవే, చూసి భయపడవలసిన పని లేదు. బస్టాండు దగ్గర బూట్లు కుట్టే ఒక పెద్దమనిషి ఇలాంటి జతను ఒక్క చూపు చూసి, "గిది అంత అతుకుడే బిడ్డా, గీ కుట్టు సూపుకే" అని చెప్పేశాడు. అతుకుడు అనేది లోపం కాదు. అతుకుడు జతను వెల్ట్ ధరకు కొనడం మాత్రం నష్టమే.

సోల్ పదార్థం గురించి రెండు మాటలు చెప్పి ముందుకు పోతాను. ఫంక్షన్ హాళ్లలో నున్నటి గ్రానైట్ నేల మీద కొత్త తోలు సోల్ జారుతుంది, వానలో తడిస్తే త్వరగా పాడవుతుంది. వరంగల్‌లో ఏడాది పొడవునా ఒకే జత వేసుకునేవారికి పల్చని రబ్బరు సోల్ మేలు. మరొకటి, పీయూ అని పిలిచే పాలీయురిథేన్ సోల్ తేలికగా ఉంటుంది గానీ, గాలిలోని తేమతో దాని లోపలి బంధాలు తెగిపోతాయి. పెళ్లికి వేసుకుని డబ్బాలో మూసిపెట్టిన జతను కొన్నేళ్ల తరువాత తీస్తే, నాలుగు అడుగులు వేయగానే సోల్ మట్టిలా రాలిపోవడం చూసే ఉంటారు. వాడకుండా దాచినంత మాత్రాన అది నిలవదు. అప్పుడప్పుడు వేసుకుంటూ, గాలి ఆడేచోట ఉంచడమే మంచిది.

6. పూర్తి పేరును ఒక వాక్యంగా రాయండి

మూడు జవాబులూ కలిపి పేరు చెప్పాలి. పరకాల నుంచి వచ్చిన ఒక కుర్రాడి జతను ఉదాహరణగా తీసుకుందాం. అక్క రిసెప్షన్‌లో నీలం సూటు కిందికి వేసుకోవాలని గోధుమరంగు బూట్లు తెప్పించుకున్నాడు. డబ్బా మీద ఆక్స్‌ఫర్డ్ బ్రోగ్ అని ఉంది. లేసు కట్టి చూస్తే రెక్కలు చక్కగా కలిసి, నిజంగా ఆక్స్‌ఫర్డ్‌లాగే ఉన్నాయి.

లేసు వదిలించి గోరు లాగితే మొదట కిందికి ఒక మెట్టు దిగింది. కుర్రాడు సంతోషపడ్డాడు గానీ అది వింగ్‌టిప్ అంచు. ఇంకొంచెం లాగేసరికి లేసు కింద అతుకు దగ్గర గోరు అంచుకు తగిలి ఆగింది. లేసు తీసేసి రెక్కలు వంచితే రెండూ పూర్తిగా పక్కలకు పడుకున్నాయి, కార్డు రెక్క కిందికి సాఫీగా పోయింది. అక్కడికి డర్బీ అని తేలింది. ముందు భాగంలో అంచు మధ్యలో కొసగా వచ్చి రెక్కల్లా సాగింది, మెడాలియన్ ఉంది. పుల్ల ఆనిస్తే పెద్ద రంధ్రాల్లో తోలు మందమంత దిగింది, పళ్ల అంచు కింద గోరు దూరింది. కాబట్టి నిజమైన ఫుల్ బ్రోగ్. సోల్ చుట్టూ తెల్ల దారపు కుట్టుతో అందమైన పట్టీ ఉంది, తిరగేస్తే రబ్బరు అడుగున కుట్టూ లేదు, గాడీ లేదు.

పేరు ఇలా తేలింది: ఫుల్ బ్రోగ్ డర్బీ, అతికించిన రబ్బరు సోల్, చూపుకు మాత్రమే వెల్ట్. డబ్బా మీది రెండు మాటల్లో ఒకటి నిజం, ఒకటి తప్పు. దాన్ని తిరిగి పంపాలా అని కుర్రాడు అడిగాడు. రిసెప్షన్‌కు, గోధుమరంగుకు, అతని వెడల్పు పాదానికి డర్బీయే నయమని చెప్పాను, ఉంచుకున్నాడు. అదే జత నల్లది అయి, ఇంటర్వ్యూకు ముదురు సూటుతో వేసుకోవాలని కొని ఉంటే సలహా మరోలా ఉండేది. రంధ్రాలు పెరిగేకొద్దీ బూటు లాంఛనం తగ్గుతుంది. అక్కడికి రంధ్రాల్లేని నల్ల క్యాప్ టో ఆక్స్‌ఫర్డ్, పాదానికి అది సరిపడకపోతే ప్లెయిన్ డర్బీ తీసుకోమనేవాణ్ణి. సూటు లేకుండా ప్యాంటు చొక్కాతో ఆఫీసుకు పోయేవారికి లోఫర్ చాలు.

తీర్పు సరైనదో కాదో ఎలా తెలుసుకోవాలి

ఇంట్లో మరొకరి చేతికి బూటు ఇచ్చి, కళ్లు మూసుకుని గోరు పరీక్ష చేయమనండి. పేర్లేవీ చెప్పకుండా, లేసు కింద అతుకు దగ్గర గోరు ఎక్కిందా దిగిందా అని మాత్రమే అడగండి. మీ జవాబూ వారి జవాబూ ఒకటైతే సరే. తేడా వస్తే ఇద్దరిలో ఒకరు వింగ్‌టిప్ అంచును లెక్కపెట్టి ఉంటారు, వేలిని ఇంకొంచెం లేసు వైపు జరిపి మళ్లీ చేయాలి. రెండవ బూటు మీద కూడా ఒకసారి చేయండి. గోరుకు ఏ మెట్టూ తగలకపోతే, టార్చి వేసి అక్కడ అసలు అతుకు ఉందో లేదో చూడండి. అతుకు ఉండాల్సిన చోట గీత మాత్రమే ఉండి, కింద మరో తోలు లేకపోతే పైభాగమంతా అచ్చు వేసిన రెక్సిన్. దానికి రూపాన్ని బట్టి డర్బీ నమూనా, ఆక్స్‌ఫర్డ్ నమూనా అని చెప్పుకోవచ్చు గానీ, రెక్సిన్ ధరే ఇవ్వాలి.

పేరు తప్పు అని తేలి తిరిగి పంపాలనుకుంటే, లేసు కింద అతుకునూ, డబ్బా మీది పేరునూ ఒకే ఫోటోలో వచ్చేలా తీసి పెట్టుకోండి. లేసును మొదట ఉన్నట్టే మళ్లీ ఎక్కించండి, లోపల పెట్టిన కాగితపు ఉండలను తిరిగి పెట్టండి. సోల్‌కు దుమ్ము అంటితే పొడిగుడ్డతో తుడవండి. సిమెంటు గచ్చు మీద నాలుగు అడుగులు వేసినా రబ్బరు మీద గీత పడుతుంది, వాడిన జత అని వెనక్కి తీసుకోకపోవచ్చు.